ఏడ్చిన ముఖం ఫొటోలో ఎరుపు తగ్గాలి, బూడిదరంగు తేలకూడదు

ప్రశ్న: అక్క పై చదువుకు వెళ్లిన రోజు ఎయిర్‌పోర్ట్‌లో అందరం కలిసి ఒకే ఒక్క ఫొటో దిగాం. అందులో అక్క కళ్లు ఉబ్బి, ఎర్రబడి ఉన్నాయి. తుడిచి తుడిచి ముక్కు కందిపోయింది. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ వేస్తే చర్మం మైనంలా నునుపైంది కానీ ఎరుపు పోలేదు. ల్యాప్‌టాప్‌లో GIMP తెరిచి ఎరుపు తగ్గిస్తే ముక్కు బూడిదరంగులోకి వెళ్లింది. “ఏడ్చినట్టు తెలిసినా ఫర్వాలేదు, జబ్బు పడ్డట్టు మాత్రం కనిపించకూడదు” అంటోంది అక్క. లేయర్లు, మాస్కులు కొంచెం తెలుసు. ఎలా చేయాలి?

సమాధానం: మీ అక్క చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఎక్కడ ఆపాలో ఉంది. దాన్ని చివరిదాకా గుర్తుపెట్టుకోండి. ఎరుపు మొత్తం తీసేయడం కన్నా మూడింట రెండు వంతులు తీసి ఆగడమే ఇలాంటి ఫొటోలో అందంగా కుదురుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఆ ఫొటో మీకు మెసేజ్‌లో వచ్చి ఉంటే, తీసినవాళ్ల ఫోన్‌లోంచి అసలు ఫైల్ తెప్పించుకోండి. ఇది చాదస్తం కాదు. మెసేజింగ్ యాప్‌లు ఫొటోను చిన్నది చేసి, గట్టిగా నొక్కి పంపుతాయి. JPEG ఫైల్ వెలుగు నీడల వివరాలను జాగ్రత్తగా దాచుకుంటుంది, రంగు వివరాలను మాత్రం చాలాసార్లు నిలువునా అడ్డంగా సగానికి తగ్గించి దాచుకుంటుంది. మామూలు ఫొటోలో అది కంటికి ఆనదు. కానీ మీరు చేయబోయే పని అంతా రంగు మీదే, అదీ కంటి తెల్లగుడ్డు లాంటి చిన్న చోట. నొక్కేసిన ఫైల్‌లో రెప్ప అంచు ఎరుపు తెల్లగుడ్డులోకి చిన్న చిన్న గళ్లుగా కారి ఉంటుంది. ఆ గళ్లను శుభ్రం చేయడానికే సగం పూట పోతుంది. అలాగే ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ లాంటిది ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది తెర మొత్తాన్నీ పసుపు ఎరుపుల వైపు లాగుతుంది, మీరు చూసే ఏ రంగూ నమ్మకంగా ఉండదు.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఫొటోలో అక్క పక్కన ఏడవనివాళ్లు ఎవరైనా అదే వెలుతురులో ఉన్నారా? వాళ్ల ముక్కు, కళ్ల చుట్టూ కూడా ఎర్రగా అనిపిస్తే తప్పు ఏడుపుది కాదు, ఫొటో మొత్తానికీ ఎరుపు పట్టింది. అప్పుడు ముందు ఫొటో అంతటికీ వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. ఆ తర్వాతే ముఖం జోలికి వెళ్లాలి.

ఇప్పుడు మీకు బూడిదరంగు ఎందుకు తేలిందో చెప్తాను. మిగతా పనంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

ఏడ్చినప్పుడు రెప్పల్లో, తెల్లగుడ్డు మీది పొరలో, ముక్కులో సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి. కన్నీళ్లలో కొంత సన్నని గొట్టం గుండా ముక్కులోకే దిగుతుంది. దాన్ని పదేపదే తుడవడంతో ముక్కుపుటాల అంచులు, కింది గాడి రాపిడికి కందుతాయి. అంటే అక్కడ చర్మం కింద రక్తం ఎక్కువైంది. రక్తం ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది, ఎర్ర వెలుగును చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఫొటోలో కందిన చోట ఎరుపు పెరగదు, ఆకుపచ్చ తగ్గుతుంది. నీలం కూడా కొంత తగ్గుతుంది. మనకు ‘ఎర్రగా’ కనిపించేది నిజానికి ఆకుపచ్చ లోటు.

ఇది మీ కళ్లతోనే చూడొచ్చు. GIMPలో Channels ప్యానెల్ తెరిచి ముందు Green, Blue పక్కనున్న కన్ను గుర్తులు ఆపండి. ఎర్ర చానెల్ ఒక్కటే మిగులుతుంది. అందులో అక్క ముక్కు మామూలుగా ఉంటుంది, కందిన గుర్తే కనబడదు. తర్వాత Green ఒక్కటే ఉంచి చూడండి. ముక్కు కొన, పుటాల చుట్టూ, రెప్పల మీద నల్లటి మచ్చలు తేలతాయి. మీరు సరిచేయాల్సిన మ్యాప్ అదే. మాస్క్ ఎక్కడిదాకా వేయాలో సందేహం వచ్చినప్పుడల్లా ఈ ఆకుపచ్చ చానెల్‌ను ఒకసారి చూసి రండి. చూశాక మూడు చానెళ్లూ మళ్లీ ఆన్ చేయడం మరవకండి.

ఇక లెక్కలోకి వద్దాం. Color Picker తీసుకుని, దాని ఆప్షన్లలో Sample average, Use info window పెట్టుకోండి. సమాచార పెట్టెలో RGB (0..255) ఎంచుకోండి. ముందు అక్క చెంప మీద, ముక్కుకు దూరంగా, మెరుపు గానీ గాఢమైన నీడ గానీ లేని చోట క్లిక్ చేయండి. తర్వాత ముక్కు మీద కందిన చోట. మీ ఫొటోలో అంకెలు వేరుగా ఉంటాయి. గోధుమరంగు చర్మానికి ఉదాహరణగా చెంప దగ్గర 178, 128, 98 వచ్చిందనుకుందాం. ముక్కు దగ్గర 172, 100, 84. ఎరుపు రెండు చోట్లా దాదాపు ఒకటే. ఆకుపచ్చ మాత్రం 28 తక్కువ. చెంపలో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా 50, ముక్కులో 72. ఈ 72ను 50 వైపు తీసుకురావడమే మన పని.

మీరు చేసినట్టు Saturation ఒక్కటే 40 తగ్గిస్తే ముక్కు 154, 111, 102 దగ్గరికి వెళ్తుంది. తేడా 43కి వచ్చింది, నిజమే. కానీ ఎలా వచ్చింది? ఏ తప్పూ లేని ఎరుపు 172 నుంచి 154కి పడిపోయింది. ఆకుపచ్చ 11 మాత్రమే లేచింది. పైగా చెంపలో ఆకుపచ్చ, నీలాల మధ్య 30 తేడా ఉంటే ఇక్కడ 9 మాత్రమే మిగిలింది. ఆ 30లోనే చర్మానికి ఉండే పసుపు వెచ్చదనం ఉంది. అది పోతే దెబ్బ తగిలి కమిలిన రంగు వస్తుంది. మీకు తేలిన బూడిదరంగు ఇదే.

చర్మం మీద ఎరుపును చల్లార్చడం కాదు, పసుపు వైపు కొద్దిగా తిప్పి, కాస్త వెలుగు ఇవ్వాలి. ఫొటో లేయర్‌ను డూప్లికేట్ చేసి దానికి ‘ముక్కు’ అని పేరు పెట్టండి. Colors మెనూలో Hue-Saturation తెరవండి. మధ్యలో రంగుల బొత్తాలు ఉంటాయి, R ఎంచుకోండి. Hue +9, Lightness +4, Saturation -8 పెట్టి చూడండి. పైన చెప్పిన 172, 100, 84 ఇప్పుడు దాదాపు 172, 120, 94 అవుతుంది. ఎరుపు కదల్లేదు. ఆకుపచ్చ 20, నీలం 10 పెరిగాయి. రక్తం పీల్చుకున్నదాన్నే తిరిగి ఇచ్చినట్టు. తేడా 52కి దిగింది, చర్మం వెచ్చదనం అలాగే ఉంది.

మీ ఫొటోకు ఈ మూడు అంకెలూ అచ్చంగా సరిపోవు. ముందు Hue ఒక్కటే కదపండి. ఆకుపచ్చ, నీలాల మధ్య తేడా చెంపలో ఉన్నదానికి దగ్గరపడేదాకా ఒక్కో అంకె పెంచండి. సాధారణంగా 6 నుంచి 12 లోపే అయిపోతుంది. అంతకు మించితే చర్మం పసుపు పచ్చగా, కామెర్లు వచ్చినట్టు మారుతుంది. ఆ తర్వాత ఎరుపు అంకె అసలు ఎంత ఉందో అక్కడే నిలిచేలా Lightness, Saturation సర్దండి. ఛాయ ఎంత ముదురైతే కందిన చోటు అంత తక్కువ ఎరుపుగా, అంత ఎక్కువ నల్లగా లేదా ఊదాగా కనిపిస్తుంది. అలాంటప్పుడు Hue తక్కువ, Lightness కాస్త ఎక్కువ కావాలి.

R ఎంచుకున్నాం కాబట్టి ఎర్రగా ఉన్న చోటే మారుతుందని అనుకోకండి. మనిషి చర్మం ఏ ఛాయలో ఉన్నా ఎరుపు, నారింజల మధ్యే ఉంటుంది. పై ఉదాహరణలో చెంప కూడా R పరిధిలోకే వస్తుంది. అందుకే OK కొట్టగానే ముఖమంతా, పెదవులతో సహా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. భయపడకండి. ఆ లేయర్ మీద కుడి క్లిక్ చేసి Add Layer Mask, అందులో Black (full transparency). మార్పు అంతా మాయమవుతుంది. ఇప్పుడు అంచులు బాగా మెత్తగా ఉన్న బ్రష్ తీసుకుని, Opacity 50 దగ్గర పెట్టి, తెలుపు రంగుతో ముక్కు మీద మాస్క్‌లో పూయండి. కందిన చోటు మధ్యలో మూడు నాలుగుసార్లు, అంచుల్లో ఒక్కసారి. ఒక్కసారిగా Opacity 100తో పూస్తే పని అయిపోయిందని అనిపిస్తుంది కానీ, ఎరుపు ఎక్కడా ఒకే మోతాదులో ఉండదు కదా. మధ్యలో ఎక్కువ, చుట్టూ తక్కువ. మాస్క్ కూడా అలాగే ఉండాలి.

ముక్కు చుట్టూ లేత పసుపు వలయం కనిపిస్తే బ్రష్ కందని చర్మం మీదికి వెళ్లిందని అర్థం. నలుపు రంగుతో ఆ వలయం మీద పూసి వెనక్కి తీసుకోండి. ముక్కుపుటాల లోపలి నీడ, రంధ్రాల అంచు దగ్గరి ముదురు ఎరుపు తాకకండి. అవి ఏడవనప్పుడూ ఎర్రగానే ఉంటాయి. అక్కడ రంగు మారితే ముక్కు ప్లాస్టిక్‌తో చేసినట్టు ఉంటుంది.

చివరికి ఈ లేయర్ Opacityని 70కి దించండి. ఉదాహరణలో ముక్కు 172, 114, 91 దగ్గర ఆగుతుంది. తేడా 58. చెంప కన్నా ఇంకా కొంచెం ఎర్రగానే ఉంది, ఉండాలి కూడా. మామూలు రోజుల్లోనూ చాలామంది ముక్కు కొన నుదుటి కన్నా ఎర్రగా ఉంటుంది. ముక్కును చెంపతో పూర్తిగా కలిపేస్తే ముఖం చదునుగా కనిపిస్తుంది. దానికి కారణం ఏంటో చూసేవాళ్లకు తెలియదు కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

రంగు సరైన తర్వాత మిగిలేది పొట్టు, మెరుపు. తుడిచి తుడిచి పొట్టు లేచిన చోట్లను కొత్త ఖాళీ లేయర్ మీద Heal పనిముట్టుతో, Sample merged పెట్టుకుని సరిచేయండి. Ctrl పట్టుకుని పక్కనే ఉన్న మంచి చర్మం మీద క్లిక్ చేసి నమూనా తీసుకోండి, ముక్కు నమూనా ముక్కు మీద నుంచే. చెంప చర్మం రంధ్రాలు వేరేలా ఉంటాయి, అతుకు తెలిసిపోతుంది. తడి మెరుపుకూ, చెంప మీద కన్నీటి చారకూ ఇంకో ఖాళీ లేయర్ తీసుకుని, ఆ లేయర్ Modeలో Darken only పెట్టి, Clone పనిముట్టును Sample merged తో, Opacity 30 దగ్గర వాడండి. ఆ మోడ్‌లో నమూనా కన్నా వెలుగ్గా ఉన్న చుక్కలు మాత్రమే తగ్గుతాయి, మిగతా చర్మం కదలదు. ఈ రెండు పనులూ రంగు కన్నా ముందు చేయకండి. కందిన చర్మం నుంచి నమూనా తీసుకుంటే ఎరుపును కొత్త చోటికి మోసుకెళ్లినట్టు అవుతుంది.

రెప్పలకు ఇంకో డూప్లికేట్ లేయర్, ఇంకో మాస్క్ పెట్టుకోండి. ముక్కుకు వాడిన అంకెలే ఇక్కడ వాడితే ఎక్కువైపోతుంది. రెప్ప చర్మం చాలా పల్చన, సహజంగానే చెంప కన్నా ముదురుగా, కొంచెం గోధుమ ఊదాల్లో ఉంటుంది. కాబట్టి పోల్చుకోవాల్సింది చెంపతో కాదు. కనుబొమ కింద ఎముక మీద ఉండే చర్మం నుంచి అంకెలు తీసుకోండి, అక్కడికి సగం దూరం వెళ్తే చాలు. Hue +5 లేదా +6, Lightness +3, Saturation -5 దగ్గర మొదలుపెట్టండి. వెంట్రుకలు మొలిచే అంచులో సన్నగా ఉండే తడి గులాబీ గీతను, ముక్కు వైపు మూలలో ఉండే చిన్న గులాబీ కండను అలాగే వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న కన్నులోనూ అవి గులాబీ రంగులోనే ఉంటాయి. అవి తెల్లబడితే కన్ను బొమ్మ కన్ను అయిపోతుంది.

ఇక తెల్లగుడ్డు. ఫోన్లలో ఉండే ‘రెడ్ ఐ’ బొత్తం దీనికి పనికిరాదు. ఫ్లాష్ వెలుగు కంటి లోపలికి వెళ్లి, వెనక పొర మీద పడి తిరిగొచ్చినప్పుడు కంటిపాప ఎర్రగా మెరుస్తుంది. ఆ బొత్తం ఆ ఎరుపును నల్లగా మార్చడానికి ఉంది. ఏడ్చిన కన్ను మీద నొక్కితే ఏమీ జరగదు, లేకపోతే తెల్లగుడ్డులో నల్ల మరక పడుతుంది.

చర్మం మీద తప్పని చెప్పిన Saturation తగ్గింపే తెల్లగుడ్డుకు సరైన పద్ధతి. ఎందుకంటే ఇక్కడ మన గమ్యం దాదాపు రంగులేని బూడిద తెలుపు, చర్మపు వెచ్చదనం కాదు. మూడో డూప్లికేట్ లేయర్ తీసుకుని, R ఎంచుకుని Saturation -50, Lightness +3 పెట్టండి. 196, 158, 150 ఉన్న తెల్లగుడ్డు దాదాపు 187, 168, 164 అవుతుంది. ఎరుపు తేడా సగానికి సగం తగ్గింది. అక్కడ ఆగండి. సున్నా దాకా తీసుకెళ్తే సున్నం వేసినట్టు ఉంటుంది. నల్ల మాస్క్ వేసి, చిన్న బ్రష్‌తో పూసేటప్పుడు పై రెప్ప కిందికి వెళ్లకండి. అక్కడ రెప్ప నీడ పడుతుంది. ఆ నీడ ఉన్నందుకే కన్ను గుండ్రంగా కనిపిస్తుంది. కంట్లో తళుక్కుమనే వెలుగు చుక్క ఒక్కటే నిజంగా తెల్లగా ఉండాలి, తెల్లగుడ్డు దానికి చాలా కింద ఉండాలి. నవ్వులో పళ్లు కనిపిస్తుంటే తెల్లగుడ్డు పళ్లను మించి మెరవకూడదు.

తేలిన ఎర్ర నరాల్లో బాగా కొట్టొచ్చినట్టు కనిపించే రెండు మూడింటిని, నరం కన్నా కొంచెమే పెద్ద బ్రష్‌తో Heal చేయండి. మిగతావి వదిలేయండి. రంగు తగ్గాక వాటిలో చాలావరకు ఎలాగూ కనుమరుగవుతాయి. రెండు కళ్లలో ఒకటి బాగుందని దాన్ని తిప్పి రెండోదాని మీద అతికించే ఆలోచన మాత్రం వద్దు. వెలుగు చుక్క తప్పు వైపుకు పోతుంది, చూపు చెదిరినట్టు అవుతుంది.

ఉబ్బును చివరికి పెట్టాను, కారణం ఉంది. ఎరుపు తగ్గిన వెంటనే ఉబ్బు సగం తగ్గినట్టు కనిపిస్తుంది. కందిన చోట ఆకుపచ్చ పడిపోవడంతో రెప్పలు చీకటిగా ఉంటాయి, ఆ చీకటి ఉబ్బును పెద్దదిగా చూపిస్తుంది. కాబట్టి రంగు పని మొత్తం అయ్యాక ఫొటోను పది నిమిషాలు పక్కనపెట్టి, మళ్లీ చూసి, అప్పుడు ఇంకా అవసరమో కాదో తేల్చుకోండి.

అవసరమైతే ముందు వెలుగు నీడలతో ప్రయత్నించాలి. ఉబ్బు అంటే ఫొటోలో రెండే విషయాలు. ఉబ్బిన చోట పైన ఒక వెలుగు పట్టీ, దాని కింద ఒక చీకటి గీత. ఎయిర్‌పోర్ట్‌లో దీపాలు నెత్తి మీద ఉంటాయి కాబట్టి మీ ఫొటోలో ఈ రెండూ గట్టిగానే ఉంటాయి. ఒక కొత్త లేయర్ తీసుకుని, 808080 అనే మధ్యస్థపు బూడిదరంగుతో నింపి, Modeలో Soft light పెట్టండి. ఫొటోలో ఏ మార్పూ కనిపించదు. ఇప్పుడు తెలుపు బ్రష్, Opacity 5. చీకటి గీత మీద, గీత వెడల్పే ఉన్న బ్రష్‌తో, నెమ్మదిగా చాలాసార్లు పూయండి. గీత సగం తేలికపడ్డాక నలుపు రంగుకు మారి, పైనున్న వెలుగు పట్టీ మీద రెండు మూడుసార్లు పూయండి.

ఇక్కడ చాలామంది పొరబడేది బ్రష్ సైజులో. గీత కన్నా పెద్ద బ్రష్ తీసుకుంటే గీతతో పాటు ఉబ్బు పైభాగం కూడా వెలుగవుతుంది, సంచి ఇంకా పెద్దదవుతుంది. పూస్తున్నకొద్దీ ఉబ్బు పెరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే బ్రష్ చిన్నది చేయండి. గీతను పూర్తిగా చెరిపేయడం కూడా తప్పే. కంటి కింద కొంచెం నీడ అందరికీ ఉంటుంది, నవ్వితే ఇంకాస్త పెరుగుతుంది. అక్కవే పాత ఫొటోలు రెండు పక్కన తెరిచి పెట్టుకుంటే ఆమెకు మామూలుగా ఎంత ఉంటుందో తెలుస్తుంది.

పై రెప్ప ఉబ్బి కన్ను చిన్నదైతే దాన్ని వెలుగు నీడలతో సరిచేయలేం. ఆకారమే కొంచెం కదపాలి. ఎంత కదపాలో ఊహించకుండా నల్లగుడ్డుతో కొలుచుకోండి. పెద్దవాళ్లలో నల్లగుడ్డు వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు, మనిషికీ మనిషికీ పెద్దగా మారదు, ఏడ్చినా మారదు. అందుకే అది ముఖం మీదే ఉన్న స్కేలు. Measure పనిముట్టుతో చూస్తే నల్లగుడ్డు అడ్డంగా 60 పిక్సెళ్లు వచ్చిందనుకోండి. ఒక మిల్లీమీటరు అంటే 5 పిక్సెళ్లు. ఇప్పుడు నల్లగుడ్డులో నిలువుగా ఎంత కనిపిస్తోందో కొలవండి. 42 పిక్సెళ్లు అనుకుందాం, అంటే వెడల్పులో 70 శాతం. అక్క పాత ఫొటోలో, ఇలాగే నేరుగా చూస్తున్నదాంట్లో, అదే కొలత 83 శాతం ఉంటే ఈ ఫొటోలో 50 పిక్సెళ్లు కనిపించి ఉండాలి. పై రెప్ప 8 పిక్సెళ్లు కిందికి వాలింది. దాంట్లో సగం, 4 పిక్సెళ్లు, పైకి తీస్తే చాలు. పాత ఫొటోలో అక్క కిందికి చూస్తున్నా, గట్టిగా నవ్వుతున్నా ఈ పోలిక చెల్లదు. అప్పుడు రెప్ప వేరే కారణంతో వాలి ఉంటుంది.

దీనికి Warp Transform వాడాలి. అది ఒక లేయర్ మీదే పనిచేస్తుంది కాబట్టి ముందు కుడి క్లిక్ చేసి New from Visible తీసుకోండి. ఇప్పటిదాకా చేసిందంతా ఒకే లేయర్‌గా వస్తుంది, పాత లేయర్లు కింద భద్రంగా ఉంటాయి. Move pixels ఎంచుకుని, బ్రష్ సైజు కన్ను వెడల్పుకు దగ్గరగా, Strength 20 దగ్గర పెట్టి, రెప్ప అంచును మధ్యలో పట్టుకుని కొంచెం కొంచెం పైకి తోయండి. చిన్న బ్రష్‌తో తోస్తే రెప్ప అంచు అలలు తిరుగుతుంది. అలా అయితే వెనక్కి వెళ్లి పెద్ద బ్రష్ తీసుకోండి. అంతా అయ్యాక Enter.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెప్ప వెనక దాగిన నల్లగుడ్డు పైభాగం ఫొటోలో లేనే లేదు. మీరు రెప్పను పైకి తోస్తే కనిపించే నల్లగుడ్డే సాగి ఆ ఖాళీని నింపుతుంది. 4 పిక్సెళ్ల సాగుడు ఎవరికీ తెలియదు. 8 దాటితే నల్లగుడ్డు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, వెలుగు చుక్క కూడా నిలువుగా సాగుతుంది. వెలుగు చుక్క ఆకారం మారిందని గమనించిన క్షణంలోనే ఆపేయాలి. ఒకవేళ కన్ను దాదాపు మూసుకుపోయేంత ఉబ్బి ఉంటే ఈ ఫొటోలో దాన్ని తెరవడం కుదరదు. రంగు వరకు సరిచేసి వదిలేయడమే మంచిది.

చివరి పరీక్ష ముఖాన్ని దగ్గరగా పెట్టుకుని చేయకండి. ఇంతసేపూ 200 శాతంలో చూసి చూసి మీ కళ్లు ఎరుపుకు అలవాటుపడి ఉంటాయి. ఫొటో మొత్తం తెరలో పట్టేలా చిన్నది చేయండి. Image మెనూలో Transform కింద ఉండే Flip Horizontally నొక్కి అద్దంలో చూసినట్టు ఒకసారి చూడండి. అలా తిప్పగానే కొత్త ముఖంలా అనిపిస్తుంది, తప్పు ఎక్కడుందో ఇట్టే దొరుకుతుంది. చూశాక మళ్లీ తిప్పేయండి. ఈ సైజులో మీ చూపు ముందు అక్క ముక్కు మీదికో కళ్ల మీదికో కాకుండా ముఖం మొత్తం మీదికి వెళ్తే పని అయినట్టే. పెదవుల సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఏడ్చినప్పుడు అవీ ఎర్రబడతాయి. ముక్కు, కళ్లు చల్లబడ్డాక పెదవులు ఒంటరిగా మండుతున్నట్టు కనిపిస్తే, వాటికి ముక్కు లేయర్ మాస్క్‌లోనే Opacity 10 బ్రష్‌తో ఒక్కసారి పూయండి. అంతకన్నా వద్దు. రెప్ప ఆకారం అప్పటికే మార్చి ఉంటే, పెదవులకు చేసిన ఈ మార్పు పైనున్న Warp లేయర్‌లో కనబడదు కాబట్టి, ఈ పని చేశాక New from Visible, Warp మళ్లీ చేసుకోవాలి. అందుకే Warp దాకా వెళ్లకముందే ఈ పరీక్ష ఒకసారి చేసుకుంటే శ్రమ తప్పుతుంది.

ఫైల్‌ను ముందు XCFగా సేవ్ చేయండి, లేయర్లన్నీ అందులో ఉంటాయి. పంపడానికి Export As తో JPEG తీసుకోండి, Quality 90కి తగ్గకుండా. ముక్కు లేయర్‌ను 50 శాతంలో ఒకటి, 70 శాతంలో ఒకటి, రెండు కాపీలు తీసి అక్కకే పంపండి. మెసేజ్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే రంగులు మళ్లీ నలగవు. ఏది తనలా ఉందో ఆమె చెప్తుంది, అవసరమైతే XCF తెరిచి ఆ ఒక్క అంకె మార్చుకుంటే సరిపోతుంది. Warp చేసి ఉంటే మాత్రం, అంకె మార్చిన ప్రతిసారీ New from Visible, Warp మళ్లీ చేసుకోవాలి.